పిప్పిగోళ్లన్నీ ఫంగస్ కాదండి: అపోహలు - వాస్తవాలు

గోళ్లు పచ్చగా మందంగా అయిపోయాయనో గుంటలు పడ్డాయనో గీతలొచ్చాయనో మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే ఓ మెడికల్ షాపు కవరు ఉంటుంది. అందులో ఓ ఫంగస్ ట్యూబు, సగం వాడిన మాత్రల స్ట్రిప్పు, పక్కన బయోటిన్ అనే విటమిన్ డబ్బా. పోయిన ఏడాది ఒక భార్యాభర్తలు ఇలాగే కవరుతో వచ్చారు. ఆవిడ టైలరింగ్ చేస్తారు, నలభై ఏడేళ్లుంటాయి. ఆయన ఫ్యాక్టరీలో పని, రోజుకి పది గంటలు సేఫ్టీ బూట్లలోనే. "ఈయన కాళ్లకున్న ఫంగస్ నా చేతులకి అంటుకుంది మేడం, నాలుగు నెలల్నించి మాత్రలేసుకుంటున్నా, తగ్గకపోగా ఇంకో వేలికి కూడా వచ్చింది" అన్నారావిడ. వీళ్లిద్దరి గోళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పాలనుకున్నది దాదాపు అంతా వచ్చేస్తుంది కాబట్టి వీళ్లతోనే చెప్తా.

అపోహ: గోరు పచ్చగా, మందంగా అయిందంటే ఫంగసే

మా దగ్గరికొచ్చే పాడైన గోళ్లలో రమారమి సగం మాత్రమే ఫంగస్. మిగతా సగంలో దెబ్బలు, సోరియాసిస్, ఇంకా వేరే చర్మ జబ్బులు ఉంటాయి. ఒక్కోసారి అసలు జబ్బే ఉండదు, కాళ్లకి రోజూ పసుపు రాసుకునేవాళ్ల గోళ్లు, గోరింటాకు పెట్టుకునేవాళ్ల గోళ్లు, ముదురు రంగు నెయిల్ పాలిష్ నెలల తరబడి తియ్యనివాళ్ల గోళ్లు కూడా పచ్చబడతాయి. అది కనిపెట్టడం తేలికే, రంగు గోరు పైపైనే ఉంటుంది, గోరు మందం కాదు, రాసుకోవడం మానేస్తే మొదట్లోంచి తెల్లటి గోరు వస్తూ రంగు ముందుకి జరిగిపోతుంది.

ఇప్పుడు ఆవిడ చేతులు. కుడిచేతికి మూడు వేళ్లు, ఎడమచేతి బొటనవేలు. లైటు పక్కనుంచి పడేలా పెట్టి చూస్తే గోరు మీద సూదితో పొడిచినట్టు గుంటలు, ఒక్కో గోరుకి పది పదిహేను. చేత్తో కుట్టేటప్పుడు వేలికి తొడుక్కుంటారు చూడండి చిన్న ఇనుప తొడుగు, దానిమీద గుంటలుంటాయి కదా, అచ్చం అలా, అదే మాట అంటే ఆవిడే నవ్వేశారు. రెండు గోళ్ల కింద నూనె మరక పడ్డ కాగితంలా పసుపు-ఎరుపు కలిసిన మచ్చ. చివర్లు కింద చర్మం నుంచి లేచిపోయి, ఆ సందులో పొట్టు పేరుకుని ఉంది, దాన్ని ఆవిడ రోజూ పిన్నీసుతో గీకి శుభ్రం చేస్తున్నారు.

ఈ గుంటలే పెద్ద క్లూ. గోరు తయారయ్యేది వేలి మొదట్లో చర్మం కింద, మనకి కనపడని చోట. సోరియాసిస్‌లో అక్కడ కణాలు సరిగ్గా గట్టిపడకుండా చిన్న చిన్న గుంపులుగా పైకొస్తాయి, గోరు బయటికి పెరిగాక ఆ గుంపులు రాలిపోతాయి, రాలిన ఖాళీయే గుంట. ఫంగస్ దారి వేరే, అది ఎక్కువగా గోరు చివర్నుంచో పక్కల్నుంచో కిందికి దూరి వెనక్కి పాకుతుంది, అందుకని గుంటలు దాని పద్ధతి కాదు. ఒకటో రెండో గుంటలు ఎవరికైనా ఉండొచ్చు, భయపడక్కర్లేదు. పేనుకొరుకుడు ఉన్నవాళ్లకి కూడా గుంటలొస్తాయి గానీ అవి సన్నగా, వరసగా పేర్చినట్టుంటాయి.

గుంటలు చూశాక నేను గోళ్లు వదిలేసి మిగతా ఒళ్లు చూస్తా. చెవుల వెనక పొట్టు, తలలో అక్కడక్కడ మందంగా అట్టలు కట్టి ఉంది, "అది చుండ్రండి, పదేళ్లనించి ఉంది" అన్నారు. చుండ్రు కాదు, సోరియాసిసే. తర్వాత అడగాల్సిన ప్రశ్న కీళ్ల గురించి. పొద్దున్నే కత్తెర పట్టుకోవాలంటే వేళ్లు వంగవని, గంట గడిస్తే గానీ పని మొదలెట్టలేనని అప్పుడు చెప్పారు. గోళ్లకి దగ్గరగా ఉండే చివరి కణుపులు రెండు వాచి ఉన్నాయి. గోళ్లకి సోరియాసిస్ ఉన్నవాళ్లకి కీళ్లకి కూడా వచ్చే అవకాశం ఎక్కువ, కీలు ఒకసారి అరిగి వంకరపోతే వెనక్కి రాదు. ఆవిడ నాలుగు నెలలు ఫంగస్ మాత్రలతో పోగొట్టుకున్నది డబ్బు కాదండి, ఈ టైము. ఇక ఆ పిన్నీసు, సోరియాసిస్ గోరుని ఎంత గీకితే అంత రెచ్చిపోతుంది, అది గోరుచుట్టుపై రోకటిపోటే.

అపోహ: చూడగానే తెలిసిపోతుంది, టెస్టు ఎందుకు

నాకే చాలాసార్లు చూడగానే తెలీదు. సోరియాసిస్ ఉన్న గోట్లోకి ఫంగస్ కూడా చేరొచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు. అందుకని నోటి మాత్రలు మొదలెట్టే ముందు గోరు పరీక్ష చెయ్యాలి. పెద్ద పని కాదు, లేచిపోయిన గోరుని ఎంతవరకు వీలైతే అంత వెనక్కి కత్తిరించి, దాని కింద పొడిని గీకి స్లైడు మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తాం. ఆ చుక్క గోరు పదార్థాన్ని కరిగిస్తుంది, ఫంగస్ ఉంటే దాని సన్నటి దారాలు మిగిలి కనిపిస్తాయి. కల్చర్‌కి కూడా పంపితే, అంటే ఆ పొడిలో ఫంగస్ పెరుగుతుందేమో ల్యాబులో పెంచి చూస్తే, ఏ ఫంగసో తెలుస్తుంది గానీ రిపోర్టుకి మూడు నాలుగు వారాలు పడుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, చివరి ముక్కని పైపైన కత్తిరించి పంపడం. అక్కడుండేది చచ్చిన ఫంగసే, బతికున్నది వెనకాల, మంచి గోరుకీ పాడైన గోరుకీ మధ్య హద్దు దగ్గర ఉంటుంది. ఇంకోటి, మందులు వాడుతూ పరీక్ష చేయిస్తే ఫంగస్ ఉన్నా లేదని రావచ్చు. అందుకే ఆవిడ చేత మందులన్నీ మాన్పించి, కొన్ని వారాలాగి తీశాను. స్లైడులో ఏం లేదు, కల్చర్‌లో ఏం పెరగలేదు, గోరు ముక్కని బయాప్సీ ల్యాబుకి పంపి ప్రత్యేకమైన రంగు వేయిస్తే (ఈ మూడింట్లో ఫంగస్‌ని బాగా పట్టేది ఇదే) అందులోనూ లేదు.

ఆవిడ కుడికాలి బొటనవేలు గోరు కూడా పచ్చగా, మందంగా, ఒక పక్కకి వంకరగా ఉంది. అదొక్కటే, మిగతా తొమ్మిదీ శుభ్రం. అడిగితే ఏడేళ్ల క్రితం బొగ్గుల ఇస్త్రీపెట్టె కాలి మీద పడి గోరు ఊడిపోయిందట, మళ్లీ వచ్చినప్పట్నించి అలాగే వచ్చిందట. పరీక్షలో ఫంగస్ లేదు. గోరు పుట్టే చోటే దెబ్బతింటే గోరు జన్మంతా అలాగే రావచ్చు, దానికి మాత్రల్లేవు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఆకురాయితో పల్చగా అరగదీసుకోవడం, 40 శాతం యూరియా క్రీము రాత్రిళ్లు గోరు మీద మాత్రమే రాసి కట్టు కట్టుకోవడం, అంతే. బిగుతు చెప్పులు, షూస్ రోజూ ఒత్తి ఒత్తి కూడా ఇలాంటి గోళ్లొస్తాయి.

అపోహ: ఫంగస్ అయితే ట్యూబు రాస్తే చాలు, కోర్సు అయ్యేసరికి గోరు మంచిదైపోవాలి

ఫంగస్ ఉన్నది ఆయనకి. కాలి చిటికెనవేలికీ పక్కవేలికీ మధ్య చర్మం తెల్లగా నాని ఊడుతోంది, అరికాలు పొడిబారి పొట్టు, రెండు బొటనవేళ్ల గోళ్లలో పక్కనుంచి వెనక్కి పాకిన పసుపు చార, కింద సుద్దపొడి లాంటి పదార్థం. స్లైడులో దారాలు కనిపించాయి. చర్మానికి రాసే ట్యూబు గోరులోంచి కిందికి దిగదు, అందుకే మూడు ట్యూబులు అయిపోయినా ఏం కాలేదు. నెయిల్ పాలిష్‌లా గోరుకి వేసే ప్రత్యేకమైన మందు లక్కలున్నాయి, గోరు కొసన కొంచెమే పాడైతే వాటితో సరిపోవచ్చు గానీ ఈయనకి సగం పైన పాడైంది. లివర్ టెస్టు చూసి, ఆయన వాడే వేరే మందులేంటో అడిగి, టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్ర 250 ఎంజీ రోజుకొకటి పన్నెండు వారాలు ఇచ్చాను. చేతిగోళ్లకైతే ఆరు వారాలు. ఇది చదివి షాపుకెళ్లి కొనుక్కోకండి దయచేసి, లివర్ జబ్బున్నవాళ్లకి ఇది పనికిరాదు, బదులుగా ఇచ్చే ఇట్రాకొనజోల్ గుండె నీరసంగా ఉన్నవాళ్లకి ప్రమాదం, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో అస్సలు కుదరదు.

కోర్సు అయ్యేసరికి ఆయన మొహం వాడిపోయింది, గోరు ఇంకా పచ్చగానే ఉంది మరి. కాలిగోరు నెలకి ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది, మొత్తం మారాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర. పాడైన గోరు బాగవ్వదు, కొత్త గోరు దాన్ని తోసుకుంటూ రావాలి. అందుకే నేను మొదటిరోజే మంచి గోరుకీ పచ్చ గోరుకీ మధ్య హద్దు దగ్గర ఆకురాయితో చిన్న గాటు పెడతా. నెలనెలా చూస్తే గాటు ముందుకి జరగాలి, పసుపు దానికి ముందే ఉండాలి. పసుపు గాటుని దాటి వెనక్కి వచ్చిందంటే మందు పనిచెయ్యట్లేదని. ఆయనది ముందుకే జరిగింది. వేళ్ల మధ్య చర్మానికి కూడా వైద్యం చెయ్యకపోతే, రోజూ అవే తడి బూట్లు వేసుకుంటే మళ్లీ వస్తుంది, అందుకని రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకోమన్నా.

అపోహ: గీతలు, తెల్లమచ్చలు వస్తే కాల్షియం తక్కువ

ఇది మా అమ్మ కూడా అంటుంది, నేను చెప్పినా నమ్మదు. తెల్ల చుక్కలు ఎక్కువ భాగం గోరు మొదట్లో తగిలిన చిన్న చిన్న దెబ్బల వల్ల, మనకి గుర్తుండనివి. నిలువు గీతలు వయసుతో వస్తాయి, ముడతల్లాగే. బొటనవేలి గోరు మధ్యలో మెట్లు మెట్లుగా అడ్డగీతలుంటే ఆ మనిషి టెన్షన్‌లో చూపుడువేలితో గోరు మొదలు నొక్కుతుంటారేమో గమనించండి.

అడ్డంగా ఒకే ఒక్క గాడి, అదీ అన్ని గోళ్లకీ ఒకే ఎత్తులో ఉంటే మాత్రం లెక్క కట్టొచ్చు. చేతిగోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాడి మొదట్నించి 9 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే మూడు నెలల క్రితం ఏమైందని అడుగుతా, "డెంగ్యూ వచ్చి ఆస్పత్రిలో ఉన్నానండి" అంటారు. ఆ జ్వరంలో గోరు పెరగడం కొన్నాళ్లు ఆగింది, అంతే, గాడి పెరిగి పోతుంది.

తిండితో నిజంగా లింకున్నది ఐరన్. గోరు పల్చబడి మధ్యలో గుంటగా గరిటెలా అయ్యి, నీటిచుక్క వేస్తే జారకుండా నిలబడితే హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూడాలి. ఇక బయోటిన్. గోళ్లు ఊరికే విరిగిపోయేవాళ్లకి కొంత ఉపయోగం ఉండొచ్చు, ఫంగస్‌కీ సోరియాసిస్‌కీ ఏమీ చెయ్యదు. పైగా ఎక్కువ మోతాదు వేసుకుంటే థైరాయిడ్ టెస్టులు, గుండెపోటు కనిపెట్టే ట్రోపోనిన్ టెస్టు తప్పుగా రావచ్చు, 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక కూడా ఇచ్చింది. బ్లడ్ టెస్టుకి వెళ్తే వేసుకుంటున్నట్టు ముందే చెప్పండి.

ఆవిడని కీళ్ల డాక్టరు దగ్గరికి పంపాను, మెథోట్రెక్సేట్ అనే మందు మొదలెట్టారు, గోళ్ల మొదట్లో రాయడానికి ఆయింట్‌మెంట్ నేనిచ్చా, పిన్నీసు మాన్పించా. ఆర్నెల్ల తర్వాత వచ్చినప్పుడు మూడు గోళ్లు మొదట్నించి సగం దాకా నున్నగా వచ్చాయి, ఎడమ బొటనవేలికి ఇంకా గుంటలున్నాయి. కత్తెర ఏడింటికల్లా పట్టుకోగలుగుతున్నారట. ఆయన మాత్రం రెండో జత బూట్లు ఇంకా కొనలేదని ఆవిడ కంప్లైంటు.