21 పాయింట్ల జట్టు ఆగిపోయింది, 17 పాయింట్ల జట్టు ముందుకు వెళ్లింది

"2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఆఫ్రికాలో జరిగిన అర్హత పోటీల్లో బుర్కినా ఫాసోకు 21 పాయింట్లు వచ్చాయి, నైజీరియాకు 17 వచ్చాయి. రెండూ తమ తమ గ్రూపుల్లో రెండో స్థానంలో నిలిచాయి. అయినా ప్లే-ఆఫ్‌కు నైజీరియానే ఎందుకు వెళ్లింది?" అని ఒక పాఠకుడు అడిగారు. చాలామంది దీన్ని నైజీరియా అదృష్టం అనుకుని వదిలేశారు. ఇందులో అదృష్టం పాలు తక్కువ. ఉన్నదంతా ఒక కూడిక, ఒక తీసివేత. ఆ తీసివేతే నాకు చాలా ఇష్టమైన భాగం.

ముందుగా సీట్ల సంగతి క్లుప్తంగా చూద్దాం. ఏ ఖండానికి ఎన్ని సీట్లో ఫిఫా మండలి ముందే నిర్ణయిస్తుంది. 2026లో మొత్తం 48 జట్లు. ఐరోపాకు 16, ఆఫ్రికాకు 9, ఆసియాకు 8, దక్షిణ అమెరికాకు 6, ఓషియానియాకు 1 సీటు ఇచ్చారు. ఆతిథ్యమిచ్చే అమెరికా, కెనడా, మెక్సికోలతో కలిపి ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ సమాఖ్యకు 6 దక్కాయి. అన్నీ కలిపితే 46. మిగిలిన రెండు సీట్ల కోసం వేర్వేరు ఖండాల జట్లు చివర్లో తలపడతాయి. ఆఫ్రికాలో తొమ్మిది గ్రూపులు చేశారు. ప్రతి గ్రూపులో మొదటి జట్టు నేరుగా ప్రపంచకప్‌కు వెళ్తుంది. రెండో స్థానంలో ఉన్న తొమ్మిది జట్లలో మెరుగైన నాలుగు మాత్రం ఖండాంతర ప్లే-ఆఫ్‌లో ఆఫ్రికాకున్న ఒకే ఒక్క చోటు కోసం ఆడతాయి.

చిక్కు ఇక్కడే వచ్చింది. గ్రూపుకు ఆరు జట్లని లెక్క. మొరాకో ఉన్న గ్రూపులో ఎరిత్రియా ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తప్పుకుంది. ఆ గ్రూపులో ఐదే మిగిలాయి. అక్కడ రెండో స్థానంలో నిలిచిన నైజర్‌కు ఎనిమిది మ్యాచ్‌లే, మిగతా గ్రూపుల జట్లకు పది. ఎనిమిది మ్యాచ్‌ల పాయింట్లను పది మ్యాచ్‌ల పాయింట్లతో నేరుగా పోల్చడం ఐదు పేపర్లు రాసిన విద్యార్థి మార్కులను ఆరు పేపర్లు రాసిన వాడి మార్కులతో పోల్చడమే. బడిలో ఇలాంటి సందర్భం వస్తే ఎవరైనా సగటు తీయమంటారు. సగటు అన్యాయాన్ని పూర్తిగా తొలగించదని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. ఆరో పేపరు అందరికీ సులువైనదైతే, అది రాసిన వాడి సగటు దానివల్లే పెరుగుతుంది. తప్పుకున్న జట్టు గ్రూపులో బలహీనమైనది అయితే ఇక్కడా అదే జరుగుతుంది.

అందుకని నిర్వాహకులు వేరే దారి పట్టారు. ఆరు పేపర్లు రాసిన వారి లెక్కలోంచి ఒక పేపరు తీసేశారు. ఏది తీయాలన్నది విద్యార్థి ఎంచుకోడు. గ్రూపులో ఆరో స్థానంలో, అంటే అట్టడుగున నిలిచిన జట్టుతో ఆడిన రెండు మ్యాచ్‌ల ఫలితాలను కొట్టేస్తారు. మిగిలిన ఎనిమిది మ్యాచ్‌ల పాయింట్లు చూస్తారు. అవి సమానమైతే గోల్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే మిగిలేది చూస్తారు. అదీ సమానమైతే కొట్టిన గోల్స్ చూస్తారు.

ఇప్పుడు ఆ రెండు జట్లనూ ఈ జల్లెడలో వేద్దాం. బుర్కినా ఫాసో గ్రూపులో అడుగున ఉన్నది జిబూటీ. దానిపై బుర్కినా రెండుసార్లూ గెలిచింది, ఒకసారి 4-1తో, మరోసారి 6-0తో. కొట్టిన పది గోల్స్, తెచ్చుకున్న ఆరు పాయింట్లు అన్నీ చెల్లవు. 21 పాయింట్లు 15కు దిగాయి. గోల్ తేడా 15 నుంచి 6కు పడిపోయింది.

నైజీరియా గ్రూపులో అడుగున ఉన్నది జింబాబ్వే. దానితో ఆడిన రెండు మ్యాచ్‌లనూ నైజీరియా 1-1తో డ్రా చేసుకుంది. అప్పట్లో ఆ రెండు డ్రాల మీద నైజీరియా అభిమానులు మండిపడ్డారు. ఇప్పుడు వాటిని తీసేస్తే పోయేది రెండు పాయింట్లే. 17లోంచి 2 పోతే 15. డ్రాలే కాబట్టి గోల్ తేడా మారదు, 7గానే ఉంటుంది.

ఇద్దరికీ 15 పాయింట్లు. గోల్ తేడా నైజీరియాకు 7, బుర్కినాకు 6. ఒక్క గోల్.

ఆ ఒక్క గోల్ ఎప్పుడు వచ్చిందో చూడండి. 2025 అక్టోబర్ 14న ఊయో నగరంలో నైజీరియా తన ఆఖరి గ్రూపు మ్యాచ్‌ను బెనిన్‌తో ఆడింది. బుర్కినా ఫాసో అప్పటికే తన మ్యాచ్‌లన్నీ ముగించి ఎదురుచూస్తోంది. విక్టర్ ఒసిమ్‌హెన్ హ్యాట్రిక్‌తో స్కోరు 3-0 అయింది. అక్కడితో ఆగి ఉంటే ఇద్దరి గోల్ తేడా 6 దగ్గర సమమయ్యేది. కొట్టిన గోల్స్ బుర్కినాకు 13, నైజీరియాకు 12 కాబట్టి బుర్కినానే ముందుకు వెళ్లేది. ఆట ముగియబోతుండగా ఫ్రాంక్ ఒన్యెకా నాలుగో గోల్ కొట్టాడు. గెలుపు ఖాయమైన మ్యాచ్‌లో అది మామూలు సమయంలో ఎవరూ గుర్తుపెట్టుకోని గోల్. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఎనిమిది మ్యాచ్‌ల్లో తాను గెలిచినదాంట్లో బుర్కినా ఒక గోల్ తక్కువ ఇచ్చి ఉంటే రెండు జట్లూ చెరో 13 గోల్స్ కొట్టి, చెరో 6 ఇచ్చి, ఈ మూడు కొలతల్లోనూ సరిసమానంగా నిలిచేవి.

ఈ పద్ధతి సరైనదేనా? నా అభిప్రాయంలో నేరుగా పోల్చడం కంటే మెరుగు, కానీ దీనికీ ఒక లోపం ఉంది. అడుగున నిలిచే జట్టు మీద చెమటోడ్చి గెలిచినవాడు ఎక్కువ పోగొట్టుకుంటాడు, తడబడినవాడు తక్కువ పోగొట్టుకుంటాడు. పైగా ఎవరు అడుగున నిలుస్తారన్నది చివరి వరకూ తేలకపోవచ్చు. ఆడే రోజున ఆ ఆట లెక్కలోకి వస్తుందో రాదో ఆటగాడికి తెలియదు. సగటు పద్ధతి వాడి ఉంటే బుర్కినాకు మ్యాచ్‌కు 2.1, నైజీరియాకు 1.7 పాయింట్లు వచ్చేవి. కానీ అప్పుడు జిబూటీ లాంటి జట్టుతో ఆడే అవకాశమే రాని నైజర్ తమ సంగతేమిటని అడిగేది.

మన దేశం ఆడిన గ్రూపులోనూ ఈ తీసివేత జరిగింది. 2022 ప్రపంచకప్ అర్హత పోటీల ఆసియా రెండో దశలో ఉత్తర కొరియా తప్పుకోవడంతో, రెండో స్థానపు జట్లను పోల్చేటప్పుడు ఐదో స్థానపు జట్టుతో ఆడిన ఫలితాలను పక్కన పెట్టారు. మన గ్రూపులో ఐదో స్థానం బంగ్లాదేశ్‌ది కాబట్టి, రెండో స్థానంలో ఉన్న ఒమన్ దానిపై సాధించిన రెండు విజయాలూ చెల్లలేదు. భారత్ మూడో స్థానంలో ఆగిపోవడంతో ఆ లెక్క మనదాకా రాలేదు. 2026 అర్హత పోటీల్లో ఆసియా రెండో దశ నుంచి ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లనూ తీసుకున్నారు కాబట్టి గ్రూపుల మధ్య పోలిక అవసరమే పడలేదు. కువైట్‌కు 7 పాయింట్లు, మనకు 5. అంతటితో మన ప్రయాణం ముగిసింది.

నైజీరియా మాత్రం ఆ ఒక్క గోల్ ఇచ్చిన అవకాశంతో నవంబరులో మొరాకోలో ప్లే-ఆఫ్ ఆడింది. గాబన్‌ను అదనపు సమయంలో 4-1తో ఓడించింది. ఫైనల్లో డీఆర్ కాంగోతో 1-1తో నిలిచి, పెనాల్టీల్లో ఓడిపోయింది. ఆఫ్రికా తరఫున 2026 మార్చిలో మెక్సికోలో పెట్టిన ఖండాంతర ప్లే-ఆఫ్‌కు కాంగో అర్హత సాధించింది. ఆ పోటీలో ఆరు జట్లు, రెండు సీట్లు. ఆతిథ్య ఖండానికి రెండు చోట్లు, ఐరోపాకు ఒక్కటీ లేదు. ఆరింటిలో ఫిఫా ర్యాంకింగ్ మెరుగ్గా ఉన్న కాంగో, ఇరాక్‌లకు నేరుగా ఫైనల్ ఆడే అవకాశం దక్కింది. మిగతా నాలుగు జట్లు ఆ రెండింటి దాకా చేరాలంటే ముందు ఒక మ్యాచ్ గెలవాలన్నది నియమం.