టెన్సైల్ టెస్ట్ లెక్కల్లో ఏరియా గోల: అపోహలు - వాస్తవాలు

మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో పని చేసేవాళ్ళకి రెండు రకాల జనం తగులుతారు. ఒకళ్ళు రికార్డు సంతకం కోసం వచ్చే సివిల్, మెకానికల్ పిల్లకాయలు, ఇంకొకళ్ళు ఇల్లు కట్టుకుంటా కడ్డీ ముక్కలు సంచీలో ఏసుకొని వచ్చేవాళ్ళు. ఇద్దరూ చేసే తప్పు మాత్రం దాదాపు ఒకటే. కడ్డీని లాగి తెంపే మెషిన్ చూపించిన లోడుని ఏదో ఒక ఏరియాతో భాగిస్తారు, వచ్చిన స్ట్రెస్ నంబరు చూసి అయితే సంబరపడిపోతారు లేకపోతే బెంబేలెత్తిపోతారు. ఆ ఏరియా ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఒక్కరూ అడగరు.

అపోహ: కడ్డీకి వెర్నియర్ పెట్టి డయా కొలిచి, పై డీ స్క్వేర్ బై ఫోర్ వేస్తే ఏరియా వచ్చేస్తుంది.

నున్నగా ఉండే మైల్డ్ స్టీల్ రాడ్డుకైతే వచ్చేస్తుంది, కాదనను. కానీ ఇప్పుడు నెల్లూరులో గానీ ఒంగోల్లో గానీ ఏ సైటుకి పోయినా ఉండేది గాట్లుండే టీఎంటీనే గదా. దానికి వెర్నియర్ ఎక్కడ పెడతారు? గాటు మీద పెడితే ఒక నంబరు, రెండు గాట్ల మధ్యన పెడితే ఇంకో నంబరు. ఏది కరెక్ట్ అంటే రెండూ కాదు.

కోవూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. స్లాబు కడ్డీ కట్టడం సగంలో ఆపేసి వచ్చాడు. వేరేచోట టెస్టు చేయిస్తే 12 ఎంఎం కడ్డీకి ఈల్డ్, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్, 435 ఎంపీఏ అని చేత్తో రాసిచ్చారంట, ఆయన కొన్నదేమో ఈల్డ్ కనీసం 500 ఉండాల్సిన ఎఫ్‌ఈ 500డీ. ఆ కాగితాన్ని వాట్సాప్ గ్రూపులో ఎవురో పెట్టారు, అంతే, "అంతా డూప్లికేట్ స్టీలు, కొట్టు వాడు మోసం చేశాడు" అని ఊరంతా మొదలెట్టారు. ఆయనకి రెండు రాత్రులుగా నిద్ర లేదు. "ఇప్పుడు ఎట్టా సార్, కట్టిందంతా పీకించాల్నా" అంటాడు. "ముందు కూర్చోన్నా, కాగితం ఇట్టా ఇయ్యి" అని చూస్తే లోడు 59.5 కిలోన్యూటన్లు, డయా 13.2 ఎంఎం అని ఉంది. 12 ఎంఎం కడ్డీకి 13.2 ఎట్టా వస్తుంది? గాట్ల మీద వెర్నియర్ పెట్టారు, ఇంకేముంది.

ఆ లెక్క వరస చూడండి. డయా 13.2 అంటే ఏరియా 136.85 చదరపు మిల్లీమీటర్లు, 59,500 న్యూటన్లని దాంతో భాగిస్తే 435, ఫెయిలు. అదే ముక్కకి గాట్ల మధ్యన కొలిస్తే 11.4 వచ్చింది, అప్పుడు ఏరియా 102.07, స్ట్రెస్ 583, ఘనంగా పాసు. లోడు అదే, ముక్క అదే, వెర్నియర్ కూడా అదే, 148 ఎంపీఏ తేడా మాత్రం వెర్నియర్ దవడలు ఎక్కడ ఆనాయన్న దాంట్లోంచి వచ్చింది.

మరి సరైన ఏరియా ఎట్టా? తూకం వేయాలి. టీఎంటీకి ఉన్న కోడ్ ఐఎస్ 1786 చెప్పేది ఇదే, స్టీలు సాంద్రత తెలుసు కాబట్టి బరువు, పొడుగు తెలిస్తే సగటు ఏరియా దానంతటదే వస్తుంది:

A = w / (0.00785 × L)

ఇందులో w కిలోల్లో, L మీటర్లలో, A చదరపు మిల్లీమీటర్లలో. ముక్క కనీసం అర మీటరు ఉండాలి, కొసలు తిన్నగా కోసుండాలి. ఆయన తెచ్చిన ముక్క సరిగ్గా 500 ఎంఎం ఉంది, తూకం 0.430 కిలోలు. 0.430ని 0.003925తో భాగిస్తే 109.55. ఇప్పుడు 59,500 బై 109.55 అంటే 543 ఎంపీఏ. 500 దాటింది, కడ్డీ బాగానే ఉంది. మాగ్జిమం లోడు 68.5 కిలోన్యూటన్లు వచ్చింది, అంటే 625. 500డీకి ఇది 565కి తగ్గకూడదు, వచ్చిన ఈల్డ్ కన్నా పది శాతం ఎక్కువ కూడా ఉండాలి, అంటే ఇక్కడ 597, రెండూ దాటింది. పెద్దాయన మొహం చూడాల్సింది, ఆ సంతోషంలో నాకు టీ కూడా చెప్పాడు. కొట్టు వాణ్ణి తిట్టిన తిట్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు, అది వాళ్ళిద్దరి మధ్యన వేరే లెక్క ఉన్నట్టుంది.

రెండో వైపు తప్పు ఇంకా డేంజరు, దాని గురించి మాత్రం ఎవురూ వాట్సాప్‌లో పెట్టరు. అదే కొలతల కడ్డీ 53 కిలోన్యూటన్లకే ఈల్డ్ అయిందనుకోండి. తూకం ఏరియాతో 484, ఫెయిలు. గాట్ల మధ్యన కొలిచిన ఏరియాతో అయితే 519, పాసు. నిజంగా తక్కువ స్టీలు ఇట్టానే కాగితం మీద గట్టెక్కి స్లాబులోకి పోతుంది.

తూకం వేసినందుకు ఇంకో విషయం కూడా బయటపడుతుంది. 12 ఎంఎంకి మీటరుకి ఉండాల్సిన బరువు 0.888 కిలోలు, ఈ ముక్కది 0.860, అంటే మూడు శాతం పైన తక్కువ. ఈ సైజులో ఒక్కో ముక్కకి ఆరు శాతం దాకా తక్కువని కోడ్ ఒప్పుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ గుర్తుపెట్టుకోండి, కడ్డీ సన్నంగా ఉంటే స్ట్రెస్ పాసైనా అది మోసే లోడు తగ్గుతుంది, ఎందుకంటే డిజైన్ చేసినాయన 113 చదరపు మిల్లీమీటర్లు ఉన్నాయనుకొని వేసుంటాడు. కాబట్టి రిపోర్టులో స్ట్రెస్ ఒక్కటే చూసి వదిలేయద్దు, మీటరు బరువు కూడా రాయించుకోండి.

పిల్లకాయలకి ఏరియాలో ఇంకో రెండు తప్పులు వస్తాయి, గబగబా చెప్పేస్తా. డయాని రేడియస్ అనుకొని పై ఆర్ స్క్వేర్‌లో పెట్టేస్తే ఏరియా సరిగ్గా నాలుగు రెట్లు అవుతుంది, స్ట్రెస్ నాలుగో వంతుకి పడిపోతుంది. మీ ఆన్సరు పక్క వాడి ఆన్సరులో కరెక్టుగా పావు వంతు ఉంటే ఇంకేం వెతకబళ్ళేదు, అదే. రెండోది, తెగిపోయాక మెడ దగ్గర సన్నబడిన చోట కొలిచి, మాగ్జిమం లోడుని దాంతో భాగించడం. మాగ్జిమం లోడు వచ్చేటప్పటికి మెడ ఇంకా పడలేదు నాయనా, దానికి మొదటి ఏరియానే. మెడ ఏరియా కావాల్సింది రిడక్షన్ ఇన్ ఏరియాకి, తెగిన క్షణంలో ఉన్న అసలు స్ట్రెస్‌కి, అంతే.

అపోహ: చివర్లో యూనిట్ రాస్తే యూనిట్లు కరెక్ట్ అయినట్టే.

59.5ని 109.55తో భాగించి 0.543 అని తెచ్చి, పక్కన న్యూటన్ పర్ ఎంఎం స్క్వేర్ అని అందంగా రాసి, రెండు గీతలు కొట్టి తెస్తారు. అరె, మామూలు ఇటుకకే 3.5 అడుగుతాం, నీ స్టీలు ఇటుకలో ఆరో వంతు కూడా లేదంటే నీకు అనుమానం రాలేదా అంటే తల గోక్కుంటారు. కిలోన్యూటన్లని న్యూటన్లు చేయడం మర్చిపోయారు, అంతకన్నా ఏం లేదు. తూకం ఫార్ములాలో ఇంకో తమాషా ఉంది, బరువు గ్రాముల్లో, పొడుగు ఎంఎంలో పెట్టినా ఆన్సరు అదే 109.55 వస్తుంది, రెండూ వెయ్యి రెట్లే కాబట్టి కొట్టేసుకుంటాయి. ఒకటి గ్రాముల్లో, ఇంకోటి మీటర్లలో పెట్టారంటే మాత్రం లక్షా తొమ్మిది వేల చిల్లర వస్తుంది, అంటే 37 సెంటీమీటర్ల లావు కడ్డీ, కరెంటు స్తంభమంత. ఇంకా పాత డయల్ మెషిన్లలో టన్నులు ఉంటాయి, టన్నుకి 9.81 కిలోన్యూటన్లు, డయల్ మీద ఏం రాసుందో చూసి మరీ రాసుకోండి.

స్ట్రెయిన్‌కి ఒకే ఒక్క చెక్ చాలు. స్టీలుకి యంగ్స్ మాడ్యులస్ సుమారు 2,00,000 ఎంపీఏ, కాబట్టి 500 ఎంపీఏ దగ్గర స్ట్రెయిన్ 0.0025, సాగుడు కొలవడానికి కడ్డీ మీద గుర్తు పెట్టుకున్న మన 60 ఎంఎం గేజ్ లెంగ్త్ మీద అది 0.15 ఎంఎం మాత్రమే. కంటికి కూడా ఆనదు. తెగాక 60 కాస్తా 71 అవుతుంది, అది 18.3 శాతం ఎలాంగేషన్, అది వేరే సంగతి, అందులో దాదాపు అంతా ప్లాస్టిక్ సాగుడే. కొందరు 543ని ఈ 0.183తో భాగించి యంగ్స్ మాడ్యులస్ 2,967 అని రాస్తారు. గ్రాఫులో సరళరేఖ దాటి ఎక్కడికో పోయిన స్ట్రెయిన్‌తో అది ఎట్టా వస్తుంది?

అపోహ: మెషిన్ డయల్ ముల్లు ఎక్కడ ఆగితే అదే ఈల్డ్ పాయింట్.

మైల్డ్ స్టీలుకి ముల్లు ఆగడం, కొంచెం వెనక్కి రావడం నిజమే, బాగా కనపడుతుంది కూడా. టీఎంటీకి ఒక్కోసారి కనపడుతుంది, ఒక్కోసారి గ్రాఫు మెల్లిగా వంగుతుందే తప్ప ఎక్కడా ఆగదు. పైగా టెస్టు మొదట్లో 9, 10 కిలోన్యూటన్ల దగ్గర టక్కుమని ఒక సౌండు వచ్చి ముల్లు ఊగితే అదే ఈల్డ్ అని రాసేసినోళ్ళు ఉన్నారు. 9 కిలోన్యూటన్లంటే 82 ఎంపీఏ, అక్కడ ఈల్డ్ అయ్యే కడ్డీ ఏ కొట్లోనూ దొరకదు. గ్రిప్పులో కడ్డీ జారింది, అంతే.

ఆగని కడ్డీకి 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్ తీయాలి. 60 ఎంఎం గేజ్ మీద అది 0.12 ఎంఎం, అక్కడి నుంచి గ్రాఫు మొదటి సరళ భాగానికి సమాంతరంగా గీత గీసి, అది గ్రాఫుని ఎక్కడ కోస్తే అది. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. కడ్డీ మీద ఎక్స్‌టెన్సోమీటర్ బిగించకుండా, మెషిన్ క్రాస్‌హెడ్ ఎంత కదిలిందో దాన్నే సాగుడు అనుకొని గ్రాఫు గీస్తారు. అందులో గ్రిప్పుల జారుడు, మెషిన్ సాగుడు అన్నీ కలిసిపోతాయి, స్లోపు 2,00,000 రావాల్సిన చోట ఏ 20,000 దగ్గరో వస్తుంది. ఆ గ్రాఫు మీద పుస్తకంలో ఉండే 2,00,000 స్లోపుతో 0.2 శాతం గీత గీశారనుకోండి, అది గ్రాఫుని 44 ఎంపీఏ దగ్గరే కోసేస్తుంది. ఒకడు నిజంగానే ప్రూఫ్ స్ట్రెస్ 44 అని రాసుకొచ్చాడు, గీత చాలా నీట్‌గా ఉంది పాపం.

ఎక్స్‌టెన్సోమీటర్ లేకపోతే గ్రాఫు మొదట్లో వంకరగా ఉండే భాగాన్ని వదిలేసి, తిన్నగా ఉన్న ముక్కని కిందికి పొడిగించి సున్నా అక్కడ పెట్టుకోండి, ఆఫ్‌సెట్ గీతని ఆ గ్రాఫు సొంత స్లోపుకే సమాంతరంగా గీయండి. వచ్చే నంబరు ఉజ్జాయింపే, 543 వస్తే సరే. 502 వస్తే మాత్రం దాన్ని నమ్ముకొని పాసు రాయబాకండి, ఎక్స్‌టెన్సోమీటర్ ఉన్న ల్యాబుకి ఇంకో ముక్క పంపించండి.