8085లో ఫెచ్, డీకోడ్, ఎగ్జిక్యూట్: అపోహలు - వాస్తవాలు

మూడు దశల పేర్లూ గడగడా అప్పజెప్పేవాళ్లకు కూడా "ఇప్పుడు ప్రోగ్రామ్ కౌంటర్‌లో ఏముంది?" అని వైవాలో అడిగితే టెన్షన్ మొదలవుతుంది. ఈ చిన్న ప్రోగ్రామ్‌తో చూద్దాం.

```
2000  3A 50 20   LDA 2050H
2003  76         HLT
```

అపోహ: నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రసే ప్రోగ్రామ్ కౌంటర్‌లో ఉంటుంది.

వాస్తవం: ఉండదు. మొదటి క్లాక్‌లో 2000 అడ్రస్ బస్ మీదికి వెళ్తుంది. 3A ఇంకా ఇన్‌స్ట్రక్షన్ రిజిస్టర్‌లోకి చేరకముందే, రెండో క్లాక్‌లోనే, కౌంటర్ 2001కి మారిపోతుంది. మూడో క్లాక్‌లో 3A లోపలికి వస్తుంది, నాలుగో క్లాక్‌లో డీకోడ్ అవుతుంది. అంటే డీకోడర్ 3Aని చూసే సమయానికి కౌంటర్ తర్వాతి బైట్ దగ్గర ఉంటుంది.

అపోహ: ఒక ఇన్‌స్ట్రక్షన్‌కు మెమరీని ఒక్కసారి చదివితే చాలు.

వాస్తవం: 3A డీకోడ్ అయ్యాకే ఇంకా రెండు బైట్లు కావాలని ప్రాసెసర్‌కు తెలుస్తుంది. 50ని చదివి Z రిజిస్టర్‌లో, 20ని చదివి W రిజిస్టర్‌లో పెడుతుంది. ఈ రెండూ మన ప్రోగ్రామ్‌కు అందని తాత్కాలిక రిజిస్టర్లు. అప్పటికి కౌంటర్ 2003కి చేరుతుంది. నాలుగోసారి మాత్రం అడ్రస్ కౌంటర్ నుంచి రాదు, W-Z జంట నుంచి వస్తుంది. 2050లోని డేటా అక్యుములేటర్‌లోకి చేరేది అప్పుడే. మొత్తం 4+3+3+3, అంటే 13 క్లాక్‌లు. 3 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో సుమారు 4.33 మైక్రోసెకన్లు.

అపోహ: ఏది ఆప్‌కోడో, ఏది డేటానో ప్రాసెసర్‌కు చూడగానే తెలుస్తుంది.

వాస్తవం: బైట్ మీద ఏ ముద్రా ఉండదు. అది ఎన్నో వంతులో వచ్చిందన్నదే లెక్క. కిట్‌లో ఎక్కించేటప్పుడు 20 కొట్టడం మరిచిపోయి 3A, 50, 76 అని ఇచ్చారనుకోండి. ప్రాసెసర్ దాన్ని LDA 7650H అని చదువుకుంటుంది. HLT కావలసిన 76 అడ్రస్‌లో సగమైపోయింది కాబట్టి ప్రోగ్రామ్ ఆగదు. 2003లో పాత బైట్ ఏదుంటే దాన్నే ఆప్‌కోడ్‌గా తీసుకుని ముందుకు పోతుంది. కిట్ పాడైందని చాలామంది ఫిర్యాదు చేసేది ఇలాంటప్పుడే!

ఈ తప్పు పట్టుకోవడానికి కౌంటర్ ఒక్కటీ చూస్తే సరిపోదు. సింగిల్ స్టెప్‌లో నడిపితే సరైన ప్రోగ్రామ్‌లోనూ, తప్పు ప్రోగ్రామ్‌లోనూ మొదటి అడుగు తర్వాత అది 2003 అనే చూపిస్తుంది, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ LDA మూడు బైట్లు మింగింది. 2003లో నిజంగా 76 ఉందా అని మెమరీ తెరిచి చూడాలి. అక్యుములేటర్ విలువను 2050లో ఉన్న విలువతో పోల్చినా తేడా సాధారణంగా బయటపడుతుంది.