సాకేవారిని సాకేదెవరు? సంరక్షణ నీతి వెనుక కథ

1793లో విలియం గాడ్విన్ అనే ఆంగ్ల రచయిత తన పాఠకులకు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశాడు. ఇల్లు తగలబడుతోంది. లోపల ఇద్దరున్నారు. ఒకరు కాంబ్రే ఆర్చిబిషప్ ఫెనెలాన్, పేరుపొందిన గ్రంథకర్త. రెండోది ఆయన ఇంటి పనిమనిషి. ఒక్కరినే కాపాడే వీలుంది. ఫెనెలాన్‌నే కాపాడాలన్నాడు గాడ్విన్, ఆయన రచనల వల్ల వేలమందికి మేలు జరుగుతుంది కాబట్టి. మరి ఆ పనిమనిషి నా భార్యో, తల్లో అయితే? అయినా తీర్పు మారదన్నాడు. నిష్పాక్షికమైన సత్యాన్ని తలకిందులు చేసే మాయ 'నా' అనే మాటలో ఏముంది అని అడిగాడు.

పాఠకులు మండిపడ్డారు. తర్వాతి ముద్రణల్లో పనిమనిషి స్థానంలోకి మగ నౌకరు వచ్చాడు, తల్లి స్థానంలోకి తండ్రి వచ్చాడు. వాదం మాత్రం అలాగే ఉంది. 1797లో గాడ్విన్ స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌ను పెళ్లాడాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే, బిడ్డను కన్న కొద్దిరోజులకు ఆమె చనిపోయింది. పసిగుడ్డు, ఆమెకు అంతకుముందే ఉన్న మూడేళ్ల పాప ఆయన చేతుల్లో మిగిలారు. 1799లో వచ్చిన తన నవల ముందుమాటలో, కుటుంబ మమకారాలు మనిషి స్వభావం నుంచి విడదీయలేనివని ఆయన ఒప్పుకున్నాడు. బిడ్డల్ని పెంచాల్సి రావడం వల్లే మనసు మారిందని నేను తేల్చి చెప్పలేను. కాలక్రమం మాత్రం అదీ.

గాడ్విన్ మరీ తెగేసి చెప్పాడు గానీ, ఆధునిక పాశ్చాత్య నీతిశాస్త్రంలోని రెండు పెద్ద సంప్రదాయాలూ అటే మొగ్గాయి. ఆంగ్ల తత్త్వవేత్త బెంథామ్ దారిలో నడిచేవారికి ప్రతి మనిషీ ఒక్క లెక్కే, ఎవరూ ఒకటికి మించి కాదు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ దారిలో నడిచేవారికి, అందరికీ వర్తించే నియమంగా నిలబడగలిగినదే నీతి. రెండింటిలోనూ, నిర్ణయం తీసుకునేవాడు తన వాళ్లెవరో, పరాయివాళ్లెవరో పక్కనపెట్టి ఆలోచించాలి. ఈ ఆదర్శం చిన్నది కాదు. కులం, వంశం, సిఫారసు చూసి న్యాయం పంచే లోకంలో అది ఎందరికో అండ. అయినా దాని మీద గట్టి విమర్శలు వచ్చాయి. వాటిలో ఒకటి వచ్చింది నీతిశాస్త్ర విభాగాల నుంచి కాదు, పిల్లల మనస్తత్వాన్ని కొలిచే ఒక పరిశోధన నుంచి.

అమెరికా మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1958లో షికాగో విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం కోసం పిల్లలకు కల్పిత సమస్యలు చెప్పి, వారి జవాబులను బట్టి నైతిక ఎదుగుదలను మెట్లుగా విభజించాడు. ఆరు మెట్లు. అట్టడుగున శిక్ష భయం, నడుమ నలుగురి మెప్పు, చట్టం మీద గౌరవం, పైన సార్వత్రిక సూత్రాలు. ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్లంతా మగపిల్లలే. ఆయన సమస్యల్లో హైన్జ్ కథ ప్రసిద్ధం. హైన్జ్ భార్య కేన్సర్‌తో చావుబతుకుల్లో ఉంది. మందు ఒకే ఒక మందులవ్యాపారి దగ్గర దొరుకుతుంది. తయారీకి 200 డాలర్లయిన మందుకు అతడు 2,000 అడుగుతున్నాడు. హైన్జ్ అప్పోసప్పో చేసినా సగమే పోగయింది. వ్యాపారి తగ్గడు, వాయిదాకూ ఒప్పుకోడు. హైన్జ్ మందు దొంగిలించవచ్చా?

హార్వర్డ్‌లో కోల్‌బర్గ్‌తో కలిసి పనిచేసిన కరోల్ గిలిగన్ 1982లో ప్రచురించిన పుస్తకంలో ఇద్దరు పదకొండేళ్ల పిల్లల జవాబులను పక్కపక్కన పెట్టింది. జేక్ అనే అబ్బాయి తడుముకోకుండా దొంగిలించాలన్నాడు. ప్రాణం ఆస్తి కంటే విలువైనది కదా అన్నాడు. అతని దృష్టిలో అది మనుషులతో కూడిన లెక్క. ఎమీ అనే అమ్మాయి తటపటాయించింది. దొంగతనం కాకుండా వేరే దారి ఉండాలంది, అప్పు తేవచ్చు కదా అంది. దొంగిలిస్తే హైన్జ్ జైలుకు పోవచ్చు, అప్పుడు భార్యకు మళ్లీ జబ్బు ముదిరితే చూసేదెవరంది. వ్యాపారితో మళ్లీ కూర్చుని మాట్లాడాలంది. పరీక్ష చేసే వ్యక్తి అదే ప్రశ్న మార్చి మార్చి అడిగినకొద్దీ ఆమె జవాబులో ధీమా సడలింది.

కోల్‌బర్గ్ కొలత ప్రకారం ఎమీ జేక్ కంటే ఒక మెట్టు కింద ఉంది. ఆమె జవాబును మరోసారి చూడండి. 'దొంగిలించవచ్చా, కూడదా' అన్నదానికి ఆమె జవాబు చెప్పడం లేదు. రోగి మంచం దగ్గర రేపు ఎవరుంటారన్నది ఆమె ప్రశ్న. మందు ఒక్కసారి ఇస్తే తీరిపోయే బాధ్యత కాదది. ఆమె కంటికి ఆ వ్యాపారి కూడా ఒక అడ్డంకి కాదు, మనిషి. హక్కుల మధ్య పోటీని తేల్చేందుకు తయారైన తూకంలో ఈ ఆలోచనకు రాయే లేదు. గిలిగన్ దీన్నే వేరే స్వరం అంది.

ఆ స్వరం ఆడవాళ్లదా అన్న చర్చ ఆ తర్వాత చాలాకాలం నడిచింది. గిలిగన్ వాదంలో బలహీనమైన భాగం అదే. 1984లో మనస్తత్వవేత్త లారెన్స్ వాకర్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, కోల్‌బర్గ్ కొలతలో ఆడ, మగ తేడా దాదాపు కనిపించలేదు. స్వరం ఎవరిదన్నది వదిలేసినా, అది చెబుతున్నది నిజమా కాదా అన్న ప్రశ్న మిగులుతుంది. తత్త్వవేత్తలు పట్టుకున్నది దాన్నే.

1984లోనే అమెరికా తత్త్వవేత్త నెల్ నాడింగ్స్ దానికి సంరక్షణ నీతి అనే పూర్తి సిద్ధాంత రూపం ఇచ్చింది. ఆమె గణితం చెప్పిన ఉపాధ్యాయురాలు, పెద్ద కుటుంబాన్ని పెంచిన తల్లి. సంరక్షణ అంటే ఎదుటివాడి అవసరంలో మన దృష్టి పూర్తిగా లీనం కావడం, కాసేపు మన శక్తి అతని లక్ష్యం వైపు మళ్లడం, అతను దాన్ని అందుకుని స్పందించడం అని ఆమె వివరించింది. స్పందన లేనిదే సంరక్షణ పూర్తి కాదు. ఈ చివరి షరతే ఆమెను ఇరకాటంలో పడేసింది. ఆఫ్రికాలో ఆకలితో ఉన్న పిల్లలతో నాకు అలాంటి సంబంధం కుదరదు కాబట్టి, వారిని సంరక్షించే బాధ్యత నాకు లేదని ఆమె రాసింది. విమర్శకులు ఊరుకోలేదు. 'నా' అనే మాటను గాడ్విన్ నుంచి వెనక్కి తీసుకుని, దాని చుట్టూ గోడ కట్టినట్టయింది. తర్వాతి రచనల్లో ఆమె ఈ వైఖరిని సవరించుకుంది.

నిష్పాక్షికత పక్షాన బ్రిటిష్ రాజకీయ తత్త్వవేత్త బ్రయన్ బారీ 1995లో చక్కటి జవాబిచ్చాడు. రోజువారీ జీవితంలో ప్రతి పనీ నిష్పాక్షికంగా చేయమని ఎవరూ అడగడం లేదన్నాడు. నియమాలు మాత్రం అందరూ ఒప్పుకోదగినవై ఉండాలి. తల్లి తన బిడ్డకే ముందు అన్నం పెట్టవచ్చు అన్నది అలాంటి నియమమే. అప్పుడు 'నా' అన్న మాటకు నిష్పాక్షికతే అనుమతిచ్చినట్టు. నా మటుకు ఈ జవాబు సరిపోతుందనే అనిపిస్తుంది. సంరక్షణ నీతి చెప్పేది మమకారానికి చోటివ్వమని మాత్రమే అయితే, కథ ఇక్కడితో ముగిసేది.

ముగియలేదు. ఆ నియమాలను ఒప్పుకోవడానికి కూర్చున్నది ఎవరు అని ఈవా ఫెడర్ కిట్టే అడిగింది.

కిట్టే న్యూయార్క్ రాష్ట్రంలో తత్త్వశాస్త్ర ఆచార్యురాలిగా పనిచేసింది. ఆమె కూతురు శేషాకు తీవ్రమైన మేధో వైకల్యం ఉంది. మాట్లాడలేదు, తినడానికీ నడవడానికీ సాయం కావాలి. సంగీతమంటే ప్రాణం, మనుషులంటే ఆపేక్ష. పెగ్గీ అనే మహిళ దశాబ్దాలపాటు జీతానికి ఆమెను చూసుకుంది. 1999 నాటి పుస్తకంలో కిట్టే ఆమె అనుభవాన్నీ రాసింది. శేషాను నడిపించాలని పట్టుబట్టి అలసిపోయిన పెగ్గీ, తన పద్ధతి కాదు, శేషా పద్ధతిలో, నెమ్మదిగా వెళ్లాలని ఒకరోజు గ్రహించింది. ఆ నెమ్మదికి పట్టే గంటలు ఎవరివి అన్నది కిట్టే ప్రశ్న.

ఆమె ఈ ప్రశ్న వేసింది అమెరికా తత్త్వవేత్త జాన్ రాల్స్‌కు. 1971లో ఆయన ప్రతిపాదించిన న్యాయ సిద్ధాంతంలో, తమ స్థితిగతులు తమకే తెలియకుండా ఒక తెర వెనుక కూర్చున్నవాళ్లు సమాజ నియమాలు నిర్ణయిస్తారు. పేదవాడిగా పుడతానో, ధనికుడిగా పుడతానో తెలియదు కనుక ఎవరూ తమవైపు లాక్కోలేరు. ఇంతకంటే శుద్ధమైన నిష్పాక్షికత ఊహించడం కష్టం. అయితే రాల్స్ ఒక సౌలభ్యం కోసం, పౌరులందరూ జీవితమంతా సమాజానికి పూర్తిగా సహకరించగలవారే అనుకున్నాడు. వైకల్యాల సంగతి తర్వాత చూసుకోవచ్చన్నాడు.

ఆ ఒక్క సౌలభ్యం ఇద్దరిని గదిలోంచి బయటకు పంపుతుంది. మొదటిది శేషా. రెండోది పెగ్గీ, ఆమె తెలివికీ సత్తువకూ ఏ లోటూ లేకపోయినా. రాల్స్ పౌరుడు తన కోరికలు తానే చెప్పుకుంటాడు, తన లాభం కోసం బేరమాడుతాడు. పెగ్గీ సమయం, శ్రద్ధ ఇంకొకరి అవసరానికి కట్టుబడి ఉంటాయి. ఆమె బేరమాడితే శేషా కోసం కూడా ఆడాలి. పని మధ్యలో వదిలి పైమెట్టు ఉద్యోగానికి పరుగెత్తలేదు. పెంపకం, రోగి సేవ కారణంగా తానే ఇతరుల మీద ఆధారపడే స్థితిలో పడుతుంది. పసితనం, జబ్బు, ముసలితనం ఎవరికీ తప్పవు కనుక, పెగ్గీ స్థానంలో ప్రతి సమాజంలోనూ ఎవరో ఒకరు ఉండే తీరాలి. ఆ మనిషిని లెక్కలో చేర్చకుండా కుదిరిన ఒప్పందానికి బారీ జవాబు వర్తించదు. మినహాయింపు ఇచ్చే అధికారం ఉన్న సభలో ఆమెకు కుర్చీయే లేదు మరి.

కిట్టే న్యాయాన్ని కొట్టిపారేయలేదు, దానికి ఒక సూత్రం చేర్చింది. బాలింతకు పరిచర్య చేసే స్త్రీని అమెరికాలో డౌలా అంటారు. ఆమె బిడ్డను కాదు, బిడ్డను చూసుకునేలా తల్లిని చూసుకుంటుంది. పురుడు పోసిన పుట్టింట్లో అమ్మమ్మ చేసేది ఇదే కనుక మనకు వివరణ అక్కర్లేదు. కిట్టే దీన్ని కుటుంబం దాటించి సమాజ బాధ్యతగా మార్చి 'డౌలియా' అని పేరు పెట్టింది. పెగ్గీకి తిరిగి చెల్లించడం శేషాకు సాధ్యం కాదు. ఆ బాకీ తీర్చాల్సింది వీరిద్దరి చుట్టూ ఉన్న సమాజం.

ఈ కొలబద్ద పెట్టి చూస్తే చట్టాలు వేరుగా కనిపిస్తాయి. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం 12 వారాల సెలవిచ్చింది, జీతం లేకుండా. ప్రైవేటు రంగంలో 50 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు అది వర్తించదు. జీతం లేకుండా మూడు నెలలు గడపగలవారికే అది పనికొస్తుంది. జర్మనీలో 1995లో అమలుకు వచ్చిన సంరక్షణ బీమా దీనికి భిన్నం. ముసలివారిని ఇంట్లో చూసుకునే బంధువు తరఫున, కొన్ని షరతుల మీద, పింఛను చందా కూడా కడుతుంది. సేవలో గడిచిన ఏళ్లు ఆమె వృద్ధాప్యంలో ఖాళీగా మిగలకూడదన్న లెక్క అది.

అయితే ఈ సూత్రాన్ని ఎంత దూరం సాగదీయాలన్నది తేలలేదు. రాల్స్ సమాజం ఎల్లలు మూసుకున్న ఒక దేశం. సంరక్షణ అలా ఆగడం లేదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా అనే ఇంటిపనివాళ్ల వీసా మీద కువైట్ వెళ్లిన స్త్రీలు అక్కడ ఇంకొకరి పిల్లల్ని, ముసలివారిని సాకుతారు. వారి పిల్లల్ని ఇక్కడ అమ్మమ్మో, నానమ్మో సాకుతుంది. 2008లో కిట్టే ఇలాంటి వలసల మీదే రాసింది. ఆ పరిచర్య అందుకున్నది ఒక దేశం, ఆ తల్లి లేని లోటు భరించింది మరో దేశంలోని పిల్లలు. ఆ అమ్మమ్మకు డౌలియా బాకీ పడింది ఏ ప్రభుత్వం?