80 నుంచి 150 పికోసెకన్ల మధ్య

మల్టీప్లెక్సర్ చాలా చిన్న సర్క్యూట్. దీనిలో D0, D1 అని రెండు డేటా ఇన్‌పుట్లు, వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి S అనే సెలెక్ట్ లైన్ ఉంటాయి. S విలువ 1 అయితే D1 బయటికి వస్తుంది, 0 అయితే D0 వస్తుంది. D0, D1 రెండూ 1గా ఉన్నాయనుకోండి. అప్పుడు S ఎటు మారినా Y ఔట్‌పుట్ 1గానే ఉండాలి. ట్రూత్ టేబుల్ కూడా అదే చెబుతుంది. కానీ S ని 1 నుంచి 0కి దించితే Y కాసేపు 0కి పడి, మళ్లీ 1కి లేవగలదు. ఆ క్షణికమైన పడిపోవడాన్నే గ్లిచ్ అంటారు.

ట్రూత్ టేబుల్‌లో సమయం ఉండదు, గ్లిచ్ అక్కడ కనపడకపోవడానికి కారణం అదే. కాబట్టి సర్క్యూట్ లోపలికి వెళ్లి చూద్దాం.

S ఒక దారిలో నేరుగా యాండ్ గేట్‌కు వెళ్లి D1తో కలుస్తుంది. ఆ గేట్ ఔట్‌పుట్‌ను P అందాం. ఇంకో దారిలో ముందు ఇన్వర్టర్ గుండా వెళ్లి N అవుతుంది, తర్వాత రెండో యాండ్ గేట్‌లో D0తో కలిసి Q అవుతుంది. P, Q రెండూ చివర ఆర్ గేట్‌లో కలిస్తే Y వస్తుంది.

ప్రతి గేట్‌కూ రెండు ఆలస్యాలు రాసుకోవాలి. ఇన్‌పుట్ మారాక ఔట్‌పుట్ ఎంతలోపు కచ్చితంగా స్థిరపడుతుందో చెప్పేది ప్రొపగేషన్ డిలే. ఎంతసేపటి వరకు ఔట్‌పుట్ అసలు కదలదో చెప్పేది కంటామినేషన్ డిలే. ఒకే గేట్‌కు ఇవి వేరువేరుగా ఉండటానికి కారణాలున్నాయి. చిప్ వేడెక్కినా, వోల్టేజ్ తగ్గినా గేట్ సాధారణంగా నెమ్మదిస్తుంది. పైగా ఔట్‌పుట్ పైకి లేవడానికి, కిందికి దిగడానికి పట్టే సమయాలు ఒకటే కావు.

లెక్క కోసం ఈ అంకెలు తీసుకుందాం. ఇన్వర్టర్ ప్రొపగేషన్ డిలే 30 పికోసెకన్లు, మిగతా గేట్లకు 60. కంటామినేషన్ డిలే ఇన్వర్టర్‌కు 20, మిగతా వాటికి 40. అన్నిటికంటే పొడవైన దారి ఇన్వర్టర్, యాండ్, ఆర్ గుండా వెళ్లేది. దాని ఆలస్యం 30 + 60 + 60, అంటే 150. ఇదే క్రిటికల్ పాత్. అన్నిటికంటే పొట్టి దారిలో ఇన్వర్టర్ ఉండదు కాబట్టి 40 + 40, అంటే 80. మొత్తం సర్క్యూట్ కంటామినేషన్ డిలే ఇదే.

అంటే 80 వరకు Y పాత విలువ దగ్గరే ఉంటుంది, 150 తర్వాత కొత్త విలువ దగ్గర స్థిరపడుతుంది. మధ్యలో ఏమైనా కావచ్చు. గేట్లన్నీ తమ ప్రొపగేషన్ డిలే మొత్తం తీసుకుంటే జరిగేది ఇది:

```
ps      0   30  60  90  120 150
S   ‾‾‾‾________________________
N   ________‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾
P   ‾‾‾‾‾‾‾‾‾‾‾‾________________
Q   ________________‾‾‾‾‾‾‾‾‾‾‾‾
Y   ‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾‾____‾‾‾‾
```

P, Q వరసల్ని కలిపి చూడండి. P 60 దగ్గర పడిపోయింది, Q 90 దగ్గర గానీ లేవలేదు. ఆ 30 పికోసెకన్లు రెండూ 0లోనే ఉన్నాయి. ఆర్ గేట్ దాన్నే తన ఆలస్యంతో 120 నుంచి 150 దాకా చూపించింది. గ్లిచ్ వెడల్పు సరిగ్గా ఇన్వర్టర్ ఆలస్యమంత ఉంది. S ని 0 నుంచి 1కి మారిస్తే మాత్రం P ముందే లేచి, Q తర్వాత పడుతుంది. కాసేపు రెండూ 1లో ఉంటాయి కాబట్టి గ్లిచ్ రాదు.

ఇక్కడ చాలామంది విద్యార్థులు తికమకపడే చోటు ఒకటుంది. కాగితం మీద గీసిన గ్లిచ్ సిమ్యులేటర్‌లో కనపడకపోవచ్చు. వెరిలాగ్‌లో `assign #60 Y = P | Q;` అని రాస్తే, 60 కంటే తక్కువ వెడల్పున్న పల్స్‌ని సిమ్యులేటర్ మింగేస్తుంది. నిజమైన గేట్ కూడా చాలా సన్నటి పల్స్‌ని కొంతవరకు అలాగే మింగుతుంది. కానీ పూర్తిగా మింగకుండా సగం వోల్టేజ్ దాకా దించి వదిలేయనూవచ్చు. అందుకే వేవ్‌ఫామ్ శుభ్రంగా ఉందని గ్లిచ్ లేదనుకోకూడదు.

గ్లిచ్‌ని తీసేయాలంటే D0, D1లను కలిపే మూడో యాండ్ గేట్ పెట్టి, దాన్నీ ఆర్ గేట్‌కు ఇస్తే చాలు. రెండూ 1గా ఉన్నంతసేపూ ఆ గేట్ Y ని పట్టి ఉంచుతుంది. అయినా మామూలు డేటా దారుల్లో ఇంత శ్రమ అక్కర్లేదు. Y ని చదివేది ఫ్లిప్‌ఫ్లాప్ అయితే, అది క్లాక్ అంచు దగ్గర మాత్రమే చూస్తుంది. Y స్థిరపడ్డాక సెటప్ టైమ్ కూడా గడిచేలా క్లాక్ వ్యవధి ఉంటే గ్లిచ్ వల్ల కాస్త కరెంటు వృథా అవుతుంది, అంతే. అటు 80 పికోసెకన్ల కంటామినేషన్ డిలే హోల్డ్ టైమ్‌కు పనికొస్తుంది. క్లాక్ అంచు దాటిన వెంటనే కొత్త డేటా దూసుకొచ్చి, ఫ్లిప్‌ఫ్లాప్ ఇంకా పట్టుకుంటున్న పాత విలువను చెరపకుండా ఆపుతుంది.

ఇదే మల్టీప్లెక్సర్‌ని రెండు క్లాక్‌ల మధ్య మారడానికి వాడితే కథ వేరు. అప్పుడు ప్రతి గ్లిచ్ ఒక దొంగ క్లాక్ అంచు అవుతుంది, దాని కింద ఉన్న ఫ్లిప్‌ఫ్లాప్‌లు వేళకాని వేళ మారిపోతాయి. మూడో యాండ్ గేట్ కూడా అక్కడ ఆదుకోదు. ఆ క్లాక్‌లు దేనికది లేస్తూ పడుతూ ఉంటాయి, S ఒక పల్స్‌ని మధ్యలోనే తెగ్గొట్టవచ్చు. అందుకే క్లాక్ మార్చే సర్క్యూట్లలో సెలెక్ట్ సిగ్నల్‌ని ముందు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపి, పాత క్లాక్ 0లో ఉన్నప్పుడు దాన్ని ఆపి, ఆ తర్వాతే కొత్తదాన్ని వదులుతారు.