సంగటి ముద్ద ముందా, నమస్కారం ముందా?

తిరుపతి, చిత్తూరు వైపు వంట వీడియోలు చేసేవాళ్ల మధ్య పాత వాదన మళ్లీ రాజుకుంది. మొదటి మూడు సెకన్లలో జనాన్ని ఆపడానికి ఏదైనా చెప్పొచ్చా, లేక వంటలో ఉన్నదే చూపించాలా? 2020లో టిక్‌టాక్ పోయి రీల్స్, షార్ట్స్ వచ్చిన కథ అందరికీ తెలిసిందే. ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2025 మార్చి 31.

ఆ రోజు నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు, యూట్యూబ్ దాన్ని వ్యూగా లెక్కేస్తోంది. కాసేపు ఆగి చూస్తేనే వ్యూ అనే పాత లెక్క Engaged views పేరుతో, వీడియో చేసినవాళ్లు తమ అంకెలు చూసుకునే యూట్యూబ్ స్టూడియోలో విడిగా ఉంది, డబ్బులకూ అదే ఆధారం. "ఈ తప్పు చేస్తే విషమే!" అని అరుస్తూ మొదలుపెట్టేవాళ్లు పెరిగిన వ్యూస్ చూపించి మాదే కరెక్ట్ అంటున్నారు. వేలితో వెంటనే పైకి తోసేసినవాళ్లు కూడా ఆ అంకెలో ఉన్నారు.

చిత్తూరులో మా వదిన ఈ మధ్యే వీడియోలు మొదలుపెట్టింది. మొదటి రాగిసంగటి వీడియోలో నాలుగు సెకన్లు నమస్కారానికే పోయాయి, తెర మీద మూత పెట్టిన గిన్నె తప్ప ఏమీ లేదు. రెండోసారి ఉండలు కట్టిన ముద్దను తడి చేత్తో విరిచే షాట్ ముందు పెట్టింది. లోపల పొడిపిండి కనిపించగానే, "మీ సంగటిలోనూ ఇలా ఉండలొస్తున్నాయా? పిండి వేయగానే కలపకండి" అంది. అంతా కొన్ని సెకన్లే. తర్వాత మెత్తగా ఉడికిన అన్నం మీద పిండి కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో బొక్క పెట్టి, మూతేసి సన్నమంట మీద మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో గట్టిగా కలిపింది. చివర్లో నున్నటి ముద్ద విరిచి చూపించింది. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది.

ముద్ద విరిచే ఆ మొదటి షాట్‌కూ రెండుసార్లు తిప్పలు పడింది. తెల్లగోడ ముందు ముద్ద ఆవిరి కనబడలేదు. నల్లటి గుడ్డ వెనక కట్టి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చుంటే కనబడింది. తెర అడుగున రాసిన అక్షరాలు వీడియో పేరు కింద మునిగిపోతే, పైకి జరిపింది.

స్టూడియోలో ఆగి చూసినవాళ్లెంత, తోసేసినవాళ్లెంత అన్నది పక్కపక్కనే ఉంటుంది. తోసేసినవాళ్లు ఎక్కువైతే మొదటి షాట్ మార్చాలి. ఆగినవాళ్లు బాగానే ఉండి, ఇంకా ఎంతమంది చూస్తున్నారో చెప్పే గ్రాఫ్ అయిదో సెకను దగ్గర దబ్బున పడితే ఆశపెట్టింది ఒకటి, చూపించింది ఇంకొకటి అన్నమాట. అరిచే వీడియోలకు నేను భయపడేది ఇక్కడే. విషమని ఆపి మామూలు కూర చూపిస్తే, ఆగినవాడు రెండోసారి మనల్ని నమ్మడు.

అలాగని ప్రతి వీడియోనూ ప్రశ్నతోనే మొదలుపెట్టాలని లేదు. ఊరిబిండి పచ్చడిలో విప్పాల్సిన ముడి ఏమీ లేదు. అందుకే వదిన దానికి మాటే పెట్టలేదు, రోట్లో వేయించిన చెనక్కాయలు పచ్చిమిరపతో నలిగే చప్పుడుతోనే మొదలుపెట్టింది.