వంశపారంపర్య క్యాన్సర్ పరీక్షలో ‘వీయూఎస్’ వస్తే: అపోహలు – వాస్తవాలు

రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చినవారికి, లోపం ఉంటే ఈ క్యాన్సర్ల ముప్పును పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2తో పాటు మరెన్నో జన్యువులను ఒకేసారి చదివే ప్యానెల్ పరీక్ష చేయించడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ రిపోర్టులలో చాలావాటిలో ‘వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్’ అన్న ఫలితం కనిపిస్తుంది. ఆస్పత్రిలో దాన్నే వీయూఎస్ అంటాము. జన్యువులో ఒక మార్పు కనబడింది, అది హాని చేస్తుందో లేదో చెప్పడానికి నేటికి ఉన్న ఆధారాలు చాలవు అని దాని అర్థం. జెనెటిక్ కౌన్సెలర్‌గా నేను కుటుంబాలతో ఎక్కువ సేపు మాట్లాడవలసి వచ్చేది ఈ ఫలితం గురించే.

అపోహ: వీయూఎస్ అంటే పాజిటివ్‌కు ఒక మెట్టు కింద ఉన్న ఫలితం.

2015లో అమెరికా జన్యువైద్య నిపుణుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం జన్యు మార్పులను ఐదు తరగతులుగా విభజిస్తారు: హానికరం, బహుశా హానికరం, వీయూఎస్, బహుశా నిరపాయం, నిరపాయం. మన ల్యాబులూ వీటినే పాటిస్తాయి. ‘బహుశా హానికరం’ అనాలంటే 90 శాతానికి మించిన నమ్మకం కావాలి. ఆధారాలను లెక్కగట్టే పద్ధతిలో చూస్తే సుమారు 10 నుంచి 90 శాతం మధ్య పడేదంతా వీయూఎస్ కిందికే వస్తుంది. అంటే కొద్దిపాటి అనుమానం ఉన్న మార్పుకూ, గట్టి అనుమానం ఉన్న మార్పుకూ రిపోర్టులో ఒకే పేరు ఉంటుంది. ఇప్పటివరకు తిరిగి వర్గీకరించిన వీయూఎస్‌లలో అత్యధికం నిరపాయం వైపుకే వెళ్లాయి. హానికరంగా తేలినవి తక్కువ.

మన కుటుంబాలలో వీయూఎస్‌లు ఎక్కువగా రావడానికి ఒక కారణం ఉంది. ఒక మార్పు ఆరోగ్యవంతులలో తరచుగా కనిపిస్తే అది ప్రమాదకరం కాదని తేల్చడం సులువు. అయితే ల్యాబులు సరిచూసుకునే ప్రపంచ డేటాబేసులలో యూరప్ మూలాలవారి నమూనాలే ఎక్కువ. తరతరాలుగా ఒకే కులంలో, దగ్గరి సంబంధాలలో పెళ్లిళ్లు జరిగే మన సమాజంలో ఒక సమూహానికి మామూలైన మార్పు ఆ డేటాబేసులో అసలు ఉండకపోవచ్చు, అప్పుడది అరుదైనదిగా, అనుమానించవలసినదిగా కనిపిస్తుంది. 2020లో వెయ్యికి పైగా భారతీయుల జన్యుక్రమాలతో వచ్చిన ఇండిజెన్, ఆ తరువాత పదివేల మందితో చేపట్టిన జీనోమ్ ఇండియా ఈ లోటును కొంతవరకు తీరుస్తున్నాయి.

అపోహ: అక్కకు వీయూఎస్ వస్తే చెల్లెలికి అదే మార్పు ఉందేమో చూడాలి, లేకపోతే ఆమెకు భయం లేదు.

అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే కనుక, గుర్తింపు వివరాలు మార్చి ఒక కుటుంబం సంగతి చెబుతాను. అక్కకు 43 ఏళ్ల వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ప్యానెల్ పరీక్షలో బీఆర్‌సీఏ2లో ఒక వీయూఎస్ తేలింది. వెంటనే 36 ఏళ్ల చెల్లెలు తనంతట తానే ల్యాబుకు వెళ్లి, ఆ ఒక్క మార్పుకు మాత్రమే పరీక్ష చేయించుకుంది. లేదని వచ్చింది. ‘మా చెల్లికి నెగటివ్ అండీ, ఇంక పర్వాలేదు కదా’ అంటూ అక్క ఆ కాగితాన్ని నా ముందు పెట్టింది.

ఆ కాగితం చెల్లెలి గురించి ఏమీ చెప్పదు. ఫలానా మార్పే ఈ కుటుంబంలో క్యాన్సర్‌కు కారణమని నిర్ధారణ అయినప్పుడే, అది లేదన్న మాటకు విలువ ఉంటుంది. అందుకే ఫలితాన్ని పక్కన పెట్టి వంశవృక్షం గీశాను. వీళ్ల తల్లి 48 ఏళ్లకు కిడ్నీ జబ్బుతో చనిపోయారు. ఆమె చెల్లెలికి, అంటే పిన్నికి, 51 ఏళ్లకు అండాశయ క్యాన్సర్ వచ్చింది. చికిత్స తరువాత బాగానే ఉన్నారు. తండ్రి తరఫున ఎవరికీ క్యాన్సర్ లేదు.

తండ్రికి, పిన్నికి ఆ వీయూఎస్ కోసం పరీక్ష చేయించాము. తండ్రిలో ఉంది, పిన్నిలో లేదు. తండ్రి ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన ఆ మార్పు నిరపాయమని అనలేము, ఎందుకంటే బీఆర్‌సీఏ2లో నిజంగా హానికరమైన మార్పు ఉన్న మగవారిలో చాలామందికి జీవితాంతం క్యాన్సర్ రాదు. అయితే పిన్ని జబ్బుకు ఆ మార్పు కారణం కాదన్నది మాత్రం తేలిపోయింది. అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి స్త్రీకీ ఆమె సొంతంగానే పూర్తి పరీక్ష చేయించాలి. పిన్నికి ఆ పని అప్పటివరకు ఎవరూ చేయలేదు. చేయిస్తే బీఆర్‌సీఏ1లో స్పష్టంగా హానికరమైన మార్పు బయటపడింది. అది అక్కలో లేదు, ఆమె ప్యానెల్‌లోనే ఆ జన్యువును చదివారు. రొమ్ము క్యాన్సర్ మామూలుగానే ఎక్కువగా వచ్చే జబ్బు కనుక, ఇలాంటి కుటుంబంలోనూ వంశ కారణం లేకుండా ఒకరికి రావచ్చు. చెల్లెలికి ఈ బీఆర్‌సీఏ1 మార్పు కోసం పరీక్ష చేస్తే ఉందని తేలింది. తల్లి నుంచే వచ్చి ఉండాలి. నెగటివ్ అని ఊరటపడిన మనిషే ఇంట్లో అందరికన్నా ముందు జాగ్రత్త పడవలసిన మనిషి. ఆమె ఇప్పుడు ఏటా రొమ్ము ఎంఆర్ఐ, మామోగ్రామ్ చేయించుకుంటోంది. బీఆర్‌సీఏ1 విషయంలో పిల్లలు పుట్టడం పూర్తయ్యాక 35–40 ఏళ్ల మధ్య అండాశయాలు, అండవాహిక నాళాలు తీయించుకోమని సలహా ఇస్తారు కనుక ఆ చర్చ కూడా జరుగుతోంది.

అపోహ: ఎందుకైనా మంచిది, ముందుగానే ఆపరేషన్ చేయించుకుంటే పోతుంది.

వీయూఎస్‌ను మాత్రమే ఆధారం చేసుకుని రొమ్ములు గానీ అండాశయాలు గానీ తీయకూడదని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. బీఆర్‌సీఏ లోపం ఉన్నవారికి ఇచ్చే ఒలాపరిబ్ వంటి మందులను కూడా వీయూఎస్ చూసి మొదలుపెట్టరు. నలభై ఏళ్లలోపు అండాశయాలు తీస్తే ఎముకలు, గుండె మీద పడే ప్రభావం చిన్నది కాదు. ఆ నష్టాన్ని ఒప్పుకోవడానికి అంతకు మించిన ప్రమాదం రుజువై ఉండాలి. అలాగని వీయూఎస్ వచ్చినవారికి ఏ జాగ్రత్తా అక్కర్లేదని కాదు. ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చిందో చూసి, వీయూఎస్ అసలు లేనట్టే భావించి, ఆ చరిత్రకు తగిన పరీక్షలు నిర్ణయిస్తాము. రిపోర్టులో ‘కంప్యూటర్ విశ్లేషణ ప్రకారం హానికరం’ అన్న వాక్యం చూసి కంగారుపడేవారు ఉంటారు. తరగతిని నిర్ణయించే అనేక ఆధారాలలో అదొకటి, అదొక్కటే సరిపోదు.

అపోహ: ఫలితం మారితే ల్యాబువాళ్లే ఫోన్ చేస్తారు.

సవరించిన రిపోర్టు సాధారణంగా పరీక్ష రాసిన డాక్టరుకు వెళుతుంది. ఆయన ఆస్పత్రి మారి ఉంటే, మీ ఫోన్ నంబరు మారి ఉంటే, అది మీ దాకా రాదు. కాబట్టి మొదటి రిపోర్టు పూర్తి ప్రతిని, అందులోని జన్యువు పేరు, మార్పును సూచించే కోడ్, ల్యాబు నమూనా సంఖ్యలతో సహా దాచుకుని, ఏడాది రెండేళ్లకొకసారి ల్యాబును గానీ కౌన్సెలర్‌ను గానీ ‘దీన్ని మళ్లీ సమీక్షించారా’ అని అడగాలి. కుటుంబంలో కొత్తగా ఎవరికైనా క్యాన్సర్ వస్తే అప్పటిదాకా ఆగకుండా తెలియజేయాలి. పైన చెప్పిన అక్కలోని బీఆర్‌సీఏ2 మార్పు ఈనాటికీ వీయూఎస్‌గానే ఉంది. అది తండ్రి నుంచి వచ్చినట్టు తేలింది కనుక, రేపు ఎప్పుడైనా హానికరంగా మారితే ఎవరికి కబురు చేయాలో ఆమె ఫైలులో రాసి పెట్టాము: ఇద్దరు మేనత్తలు, ఒక బాబాయి, వాళ్ల పిల్లలు.